మైగ్రేన్ డైరీలో ముందు లెక్కపెట్టవలసింది మందు వేసుకున్న రోజులు

మైగ్రేన్ ఉన్నవారికి డాక్టర్లు తరచుగా ఇచ్చే సలహా డైరీ రాయమని. చాలామంది శ్రద్ధగానే రాస్తారు. రెండు మూడు నెలల తర్వాత ఆ నోటుపుస్తకాన్ని డాక్టరు ముందు పెడితే ఆయన నాలుగు పేజీలు తిప్పి, "నెలకు ఎన్నిసార్లు వస్తోంది?" అని అడుగుతారు. రోగి జ్ఞాపకం మీద ఒక అంకె చెబుతారు. డైరీ సంచిలోకి వెళ్లిపోతుంది. ఇందులో డాక్టరును తప్పుపట్టడానికి ఏమీ లేదు. బయట వరుసలో జనం ఉండగా ఇరవై పేజీల చేతిరాత చదవడం ఎవరి వల్లా కాదు. డైరీకీ డాక్టరుకీ మధ్య ఒక మెట్టు ఉండాలి. నెల నిండగానే ఆ పేజీలన్నింటినీ ఒక్క కాగితం మీదికి దించాలి. ఆ కాగితం మీద ఏది ముందు రాయాలి, దేన్ని ఎలా లెక్కపెట్టాలి అన్నదాని గురించే ఈ వ్యాసం.

నేను డిగ్రీ కాలేజీలో గణాంకశాస్త్రం బోధిస్తాను. నాకూ మైగ్రేన్ ఉంది. అందువల్ల ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అన్నింటికన్నా గట్టిది ఇది: డైరీ రాసే ప్రతి ఒక్కరూ "ఏం తిన్నందుకు వచ్చింది, ఏం చేసినందుకు వచ్చింది" అని వెతకడంతో మొదలుపెడతారు. నెల లెక్కలో అన్నింటికన్నా బలహీనమైన భాగం అదే. అన్నింటికన్నా బలమైనది, దాదాపు ఎవరూ లెక్కపెట్టనిది, నెలలో మందు వేసుకున్న రోజుల సంఖ్య.

మాటల్లో చెబితే ఇది నమ్మశక్యంగా ఉండదు కాబట్టి ఒక నెలను విప్పి చూపిస్తాను. అది మా వదిన డైరీ. ఆమె గోదావరి జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. నెల 2025 ఆగస్టు. శ్రావణమాసం, అయిదు శుక్రవారాలు, ఎనిమిదో తేదీన వరలక్ష్మీ వ్రతం.

అంతకుముందు జూన్, జూలైలలో ఆమె నొప్పి వచ్చిన రోజున మాత్రమే రాసేవారు. "శుక్రవారం. తలస్నానం చేశాను. సాయంత్రం నుంచి కుడివైపు నొప్పి, వాంతి. బిళ్ల వేసుకున్నాను. తగ్గింది." ప్రతి నమోదూ దాదాపు ఇలాగే ఉండేది. ఆగస్టులో మాత్రం నా పోరు పడలేక రోజూ పడుకునే ముందు ఒక వరుస రాశారు, నొప్పి లేని రోజున కూడా. ఆ వరుసలో ఉన్నవి ఇవే: నొప్పి ఎంత, ఎప్పుడు మొదలై ఎప్పుడు పోయింది, ఏ బిళ్ల ఎన్నింటికి వేసుకున్నారు, రెండు గంటల తర్వాత నొప్పి ఎంత, ఆ రోజు తలస్నానం చేశారా, భోజనం వేళకు తిన్నారా, నెలసరి ఎన్నో రోజు. నొప్పికి సున్నా నుంచి మూడు వరకు అంకెలు పెట్టుకున్నాం. సున్నా అంటే లేదు. ఒకటి అంటే ఉంది కానీ పని సాగుతుంది. రెండు అంటే పని కుంటుపడుతుంది. మూడు అంటే పడుకోవలసిందే. తలనొప్పి మందుల మీద జరిగే పరీక్షల్లో వాడే కొలత కూడా ఇదే. పదికి ఎంత అని అడిగితే మనిషి ఆ రోజు మనోస్థితిని బట్టి ఆరు అనో ఎనిమిది అనో చెబుతారు. పని చేయగలిగారా లేదా అన్నదానిలో అంత తడబాటు ఉండదు.

నొప్పి లేని రోజున సున్నా అని రాయాలి, గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడి అంటే నొప్పి లేదని అర్థమా, రాయడం మరిచిపోయారని అర్థమా అన్నది నెలాఖరుకు ఎవరికీ గుర్తుండదు. నాలుగైదు రోజులు నిజంగా రాయలేకపోతే, నెల కాగితం మీద "26 రోజులకే నమోదు ఉంది" అని రాసేయాలి. ఆ ఖాళీలను జ్ఞాపకంతో పూరించకూడదు.

ఇక లెక్క. డాక్టరు ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే వదిన చెప్పే జవాబు "నాలుగు సార్లు". అది అబద్ధం కాదు. ఆగస్టులో ఆమెకు మైగ్రేన్ నాలుగు సార్లే వచ్చింది. కానీ వచ్చిన ప్రతిసారీ అది ఒక్కరోజుతో పోలేదు. ఒకటో తేదీ సాయంత్రం మొదలైనది రెండో తేదీ రాత్రి వరకు ఉంది. ఎనిమిదిన మధ్యాహ్నం మొదలైనది పదో తేదీ ఉదయానికి గానీ వదలలేదు. పదిహేను, పదహారు తేదీలు ఒకటి. ఇరవైనాలుగు నుంచి ఇరవైఆరు దాకా ఇంకొకటి. రోజులుగా లెక్కపెడితే రెండు, మూడు, రెండు, మూడు, మొత్తం పది. ఇవి కాక ఆరు, పన్నెండు, పంతొమ్మిది తేదీల్లో తేలికపాటి తలనొప్పి. వాంతి, వెలుతురు పడకపోవడం లాంటివి లేకుండా మామూలుగా వచ్చి పోయింది. అంటే తలనొప్పి ఉన్న రోజులు పదమూడు, అందులో మైగ్రేన్ రోజులు పది, హాయిగా ఉన్నవి పద్దెనిమిది.

నాలుగుకీ పదమూడుకీ మధ్య ఉన్న తేడా వైద్యాన్నే మార్చగలదు. మందు లేకపోతే మైగ్రేన్ ఒక్కోసారి నాలుగు గంటల నుంచి డెబ్బై రెండు గంటల దాకా ఉంటుంది. కాబట్టి ఎన్నిసార్లు వచ్చిందన్నది మనిషి ఎంత కోల్పోయారో చెప్పదు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన మూడో వర్గీకరణలో దీర్ఘకాలిక మైగ్రేన్ అనడానికి పెట్టిన గీత కూడా రోజుల్లోనే ఉంది. నెలకు పదిహేను లేదా అంతకుమించి తలనొప్పి రోజులు మూడు నెలలకు పైగా ఉండాలి, వాటిలో కనీసం ఎనిమిది మైగ్రేన్ లక్షణాలతో ఉండాలి. వదిన మైగ్రేన్ రోజులు ఎనిమిది దాటాయి, మొత్తం రోజులు పదిహేనుకు రెండు తక్కువ. గీతకు ఇవతలే ఉన్నా చాలా దగ్గరలో ఉన్నారు. "నాలుగు సార్లు" అన్న జవాబులో ఇది కనిపించదు. ఆ తేలికపాటి మూడు రోజులనూ లెక్కలోకి తేవడం అందుకే ముఖ్యం. "అది మైగ్రేన్ కాదు కదా" అని చాలామంది వాటిని రాయనే రాయరు.

ఇక్కడ రెండు చిన్న చిక్కులు వస్తాయి. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజామున మూడింటికి పోయిన నొప్పి ఒక రోజా, రెండు రోజులా? క్యాలెండరు ప్రకారం రెండు. మీరు ఎలా లెక్కపెట్టినా ఫరవాలేదు, ప్రతి నెలా అలాగే లెక్కపెట్టాలి, ఆ పద్ధతి కాగితం మీద రాసి ఉండాలి. నొప్పితో నిద్రపోయి, లేచేసరికి నొప్పి లేకపోతే, మెలకువ వచ్చిన వేళ దాకా నొప్పి ఉన్నట్టే రాయాలి. అంతర్జాతీయ వర్గీకరణ చెప్పే పద్ధతి అదే.

ఇప్పుడు మందుల సంగతి. వదిన దగ్గర రెండు రకాల బిళ్లలు ఉన్నాయి. ఒకటి మందుల షాపులో అడగగానే ఇచ్చే పారాసిటమాల్, కెఫీన్ కలిసిన బిళ్ల. రెండోది డాక్టరు రాసిచ్చిన సుమాట్రిప్టాన్. ఎన్ని వాడారని అడిగితే ఎవరైనా బిళ్లలే లెక్కపెడతారు. ఖాళీ అట్టలు చూసి చెప్పడం సులువు కూడా. కానీ ఇక్కడ లెక్కపెట్టవలసింది బిళ్లలను కాదు. ఒక రోజున ఒకటి వేసుకున్నా మూడు వేసుకున్నా అది ఒక మందు రోజే. ఎందుకంటే నొప్పి మందులే తలనొప్పిని పెంచే స్థితి ఒకటి ఉంది. మందులు మరీ తరచుగా వాడడం వల్ల వచ్చే ఆ తలనొప్పికి గీతలన్నీ నెలకు ఇన్ని రోజులు అని గీశారు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మందు ఒక్కటే అయితే పదిహేను రోజులు. ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, నల్లమందు జాతి మందులు, రెండు మూడు మందులు కలిపి చేసిన బిళ్లలు అయితే పది రోజులే. ఆ వాడకం మూడు నెలలకు పైగా సాగి, తలనొప్పి నెలకు పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉంటే డాక్టరు ఆ నిర్ధారణ గురించి ఆలోచిస్తారు. మందుల షాపులో తలనొప్పికి ఇచ్చే బిళ్లల్లో చాలావరకు కలిపి చేసినవే. అట్ట వెనక ఒకటికన్నా ఎక్కువ మందుల పేర్లు ఉంటే మీకు వర్తించే గీత పదిహేను కాదు, పది.

వదిన లెక్క చూడండి. కెఫీన్ కలిసిన బిళ్ల వేసుకున్న తేదీలు ఒకటి, రెండు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పన్నెండు, పంతొమ్మిది, ఇరవైనాలుగు, ఇరవైఆరు. తొమ్మిది రోజులు. పది దాటలేదు. సుమాట్రిప్టాన్ వేసుకున్నవి ఎనిమిది, పదిహేను, పదహారు, ఇరవైఅయిదు. నాలుగు రోజులు. ఇదీ పదికి చాలా తక్కువ. విడివిడిగా చూస్తే రెండూ హద్దులోనే ఉన్నాయి. ఎనిమిదో తేదీన రెండూ వేసుకున్నారు కాబట్టి దాన్ని ఒకసారే లెక్కిస్తే, ఏదో ఒక నొప్పి మందు వేసుకున్న రోజులు పన్నెండు. ఏ ఒక్క మందూ హద్దు దాటకపోయినా, ఇలాంటి వేర్వేరు జాతుల మందులన్నీ కలిపి పది రోజులకు చేరితే అది కూడా అతివాడకమే అని వర్గీకరణ స్పష్టంగా చెబుతుంది. మందుల వారీగా మాత్రమే లెక్కపెట్టేవారికి ఈ పన్నెండు ఎప్పటికీ కనపడదు.

జూన్, జూలై పాత పేజీల్లో నుంచి కూడా ఈ ఒక్క లెక్క తీయగలిగాం. నొప్పి ఉన్న రోజే మందు వేసుకుంటారు, నొప్పి ఉన్న రోజు డైరీ రాశారు, కాబట్టి మందు రోజులు చేజారవు. జూన్‌లో ఆరు, జూలైలో తొమ్మిది, ఆగస్టులో పన్నెండు. తలనొప్పి రోజులు పదమూడే కాబట్టి ఆమెకు అతివాడకపు తలనొప్పి ఉందని ఈ కాగితం చెప్పదు. కానీ ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ రోజు గదిలో జరిగిన సంభాషణంతా ఆ మూడు అంకెల చుట్టూనే తిరిగింది.

ఉపశమనం గడికి వస్తే, "తగ్గింది" అని రాస్తే దేనికీ ఉపయోగపడదు. పది గంటల తర్వాత నొప్పి దానంతట అదే పోయినా తగ్గినట్టే. మందు పనిచేసిందా అని చూడడానికి తలనొప్పి వైద్యులు పెట్టుకున్న ప్రధానమైన గురుతు, వేసుకున్న రెండు గంటలకు నొప్పి సున్నాకు వచ్చిందా అన్నది. తర్వాతది, ఇరవైనాలుగు గంటల్లో మళ్లీ రాకుండా ఉందా అన్నది. బిళ్ల మింగిన వెంటనే ఫోనులో రెండు గంటలకు అలారం పెట్టుకుంటే చాలు. అది మోగినప్పుడు ఉన్న నొప్పి అంకె రాస్తారు. చీకటి గదిలో పడుకుని ఉన్నవారు ఫోను వెలుతురు చూడలేరు, అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగి రాయవచ్చు. మా అన్నయ్య అలాగే రాశాడు.

కెఫీన్ బిళ్ల తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు రెండు గంటలకు సున్నాకు తెచ్చింది. ఇలా చూస్తే సగానికి కొంచెం తక్కువ, ఫరవాలేదనిపిస్తుంది. "ఆ బిళ్ల నాకు పడుతుంది" అని వదిన నమ్మకం కూడా. ఇప్పుడు ఆ తొమ్మిదినీ రెండు కుప్పలు చేయండి. తేలికపాటి తలనొప్పి వచ్చిన మూడు రోజులూ బిళ్ల పనిచేసింది. మైగ్రేన్ ఉన్న ఆరు రోజుల్లో ఒక్కరోజే పనిచేసింది, అదీ ఇరవైఆరున, మూడు రోజుల నొప్పి దానంతట అది దిగిపోతున్న చివరి పూటన. అంటే నొప్పి ఎలాగూ తేలికగా ఉన్న రోజున బాగా పనిచేసి, అవసరమైన రోజున చేతులెత్తేసే మందు మీద ఆమె నెలలో తొమ్మిది మందు రోజులు ఖర్చుపెడుతున్నారు. ఉపశమనం లెక్కను నొప్పి రకం ప్రకారం విడదీయకపోతే ఇది ఎప్పటికీ బయటపడదు.

సుమాట్రిప్టాన్‌ది వేరే కథ. నాలుగు సార్లలో రెండుసార్లు రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయింది. ఏ రెండుసార్లు? పదిహేనున నొప్పి మొదలైన గంటలోపు వేసుకున్నారు, పోయింది. మర్నాడు ఉదయం తిరగబెట్టగానే వెంటనే వేసుకున్నారు, పోయింది, మళ్లీ రాలేదు. ఎనిమిదో తేదీన ముందు కెఫీన్ బిళ్లతో ప్రయత్నించి, ఏడు గంటల తర్వాత రాత్రి తొమ్మిదింటికి దీన్ని వేసుకున్నారు, పోలేదు. ఇరవైఅయిదున నొప్పి మొదలై ఒక పగలూ రాత్రీ గడిచాక వేసుకున్నారు, మూడు నుంచి ఒకటికి దిగింది కానీ సున్నా కాలేదు. నాలుగు సార్లతో సూత్రాలు చేయకూడదు. కానీ ట్రిప్టాన్లు నొప్పి ఇంకా తక్కువగా ఉండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయన్నది వైద్యంలో బాగా తెలిసిన విషయం, ఈ నాలుగు వరుసలు దానికి సరిపోతున్నాయి. కాబట్టి "ఈ మందు నాకు సగం సార్లే పనిచేస్తుంది" అని దాన్ని మార్పించుకోవడం తొందరపాటు. నెల కాగితంలో సుమాట్రిప్టాన్ పక్కన "మొదలైన ఎంతసేపటికి" అన్న అంకె తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే మంచి మందు చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎర్గోటమిన్ ఉన్న బిళ్లలు మన దగ్గర మైగ్రేన్‌కు ఇంకా బాగా వాడుకలో ఉన్నాయి. ఎర్గోటమిన్‌కూ ట్రిప్టాన్‌కూ మధ్య కనీసం ఇరవైనాలుగు గంటల ఎడం ఉండాలి, రెండూ రక్తనాళాలను బిగిస్తాయి. మీ డైరీలో ఒకే తేదీన ఈ రెండూ కనిపిస్తే నెలాఖరు దాకా ఆగవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అందరూ ముందు అడిగే ప్రశ్న, దేనివల్ల వచ్చింది? వదిన జూన్, జూలై పేజీలు చదివితే జవాబు కళ్లకు కట్టినట్టుంటుంది: తలస్నానం. నొప్పి వచ్చిన చాలా రోజుల పక్కన అదే రాసి ఉంది. ఇది మన ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట మాత్రమే కాదు. 2006లో డాక్టర్ కె. రవిశంకర్ తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి 'సెఫలాల్జియా' అనే వైద్యపత్రికలో రాశారు. కొందరికి ఇది నిజమైన కారణమే. కానీ నొప్పి వచ్చిన రోజులే ఉన్న డైరీ చూసి మా వదిన విషయంలో అది నిజమో కాదో చెప్పడం అసాధ్యం. తలస్నానం చేసినా నొప్పి రాని రోజులు ఎన్ని ఉన్నాయో ఆ డైరీకి తెలియదు. నొప్పి వచ్చిన రోజుల్లో ఆమె అన్నం కూడా తిన్నారు, బడికి కూడా వెళ్లారు. వాటిని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అవి రోజూ ఉన్నవే అని మనకు తెలుసు. తలస్నానం సంగతి కూడా అలాగే తెలియాలి.

ఆగస్టులో రోజూ రాశారు కాబట్టి లెక్కించగలిగాం. ముందు, నొప్పి అప్పటికే నడుస్తున్న రోజులను పక్కన పెట్టాలి. మొదలైపోయిన నొప్పిని తలస్నానం కొత్తగా మొదలుపెట్టలేదు. అలాంటివి ఆరు, అంటే రెండు, తొమ్మిది, పది, పదహారు, ఇరవైఅయిదు, ఇరవైఆరు తేదీలు. మిగిలినవి ఇరవైఅయిదు రోజులు. వీటిలో తలస్నానం చేసినవి ఎనిమిది, ఆ ఎనిమిదిలో మైగ్రేన్ మొదలైనవి మూడు. తలస్నానం లేనివి పదిహేడు, వాటిలో మొదలైనది ఒకటే. ఎనిమిదిలో మూడు, పదిహేడులో ఒకటి. తలస్నానమే దోషి అని ఇక్కడితో ఆపేయాలనిపిస్తుంది.

కానీ ఆ ఎనిమిది రోజులూ ఒకేలాంటివి కావు. ఒకటి, ఎనిమిది, పదిహేను తేదీలు శ్రావణ శుక్రవారాలు. పూజ ముగిసేదాకా ఆమె ఏమీ తినలేదు. పదిహేనున బడిలో జెండా వందనం కూడా ఉండడంతో ఇంటికి వచ్చి పూజ మొదలుపెట్టేసరికే పొద్దెక్కింది. నాలుగు, పదకొండు, పద్దెనిమిది సోమవారాలు. తలస్నానం చేశారు కానీ బడికి వెళ్లాలి కాబట్టి టిఫిను తిని బయలుదేరారు. ఇరవైరెండు కూడా శ్రావణ శుక్రవారమే. ఆ రోజు అత్తగారు బలవంతం చేసి పూజకు ముందు పాలూ పళ్లూ తినిపించారు. ఇరవైఎనిమిది నెలసరి నాలుగో రోజు. తలస్నానం చేసి వేళకు తిన్న ఈ అయిదు రోజుల్లో ఒక్కరోజు కూడా మైగ్రేన్ మొదలు కాలేదు. తలస్నానం, ఆలస్యమైన భోజనం రెండూ కలిసిన మూడు రోజులూ మొదలైంది.

అయితే దోషి ఆకలేనా? అదీ చెప్పలేం. తలస్నానం లేకుండా భోజనం ఆలస్యమైన రోజులు నెల మొత్తంలో రెండే ఉన్నాయి, ఆ రెండు రోజులూ నొప్పి రాలేదు. రెండు రోజులు దేనికీ సాక్ష్యం కాదు. పైగా ఆ మూడు శుక్రవారాలూ ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేచారు, అంటే నిద్ర కూడా తక్కువే. ఆకలి, నిద్ర, తలస్నానం మూడూ ఒకే తాడుతో కట్టి ఉన్నాయి. ఈ నెల మనకు ఇచ్చేది ఒక ప్రశ్న: తలస్నానం అలాగే ఉంచి, ముందు తింటే ఏమవుతుంది? దీన్ని వచ్చే నెలలో చూడవచ్చు. దీనికి భిన్నంగా, జూలై డైరీ చూసి వదిన తీసుకోబోయిన నిర్ణయం తలస్నానం వారానికి ఒకసారికి తగ్గించుకోవడం. కొందరు ఇలాగే పెరుగు మానేస్తారు, కొందరు అరటిపండు, కొందరు టమాటా. నొప్పి రోజులే రాసిన డైరీ ఒక్కొక్కటిగా జీవితంలోంచి తీసేయిస్తుంది. సరైన ఆధారం లేకుండా మనిషి చేత ఇష్టమైనవాటిని మాన్పించడం నాకు ఏమాత్రం ఒప్పుదల కాదు.

ఇంకొక గందరగోళం. ఇరవైమూడో తేదీ వరుసలో వదిన "బొబ్బట్లు తినాలనిపించి నాలుగు తిన్నాను, ఆవలింతలు, మెడ పట్టేసింది" అని రాశారు. మర్నాడు మైగ్రేన్. కారణాల గడిలో "తీపి, మెడనొప్పి" అని రెండూ చేర్చారు. చాలామందికి మైగ్రేన్ తల నొప్పెట్టడానికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందురోజే, మొదలైపోతుంది. ఆవలింతలు, మెడ బిగుసుకోవడం, ఏదో ఒకటి తినాలన్న తీవ్రమైన కోరిక, చిరాకు అప్పటి లక్షణాలు. అంటే బొబ్బట్లు తినడం వల్ల మైగ్రేన్ రాలేదు, రాబోతున్న మైగ్రేనే బొబ్బట్లు తినిపించి ఉండవచ్చు. అందుకే మేము కారణాల గడిని రెండుగా చీల్చాం. బయటి నుంచి వచ్చినవి, అంటే నిద్ర, భోజనం వేళ, ఎండ, నెలసరి ఒకవైపు. ఒంట్లో కనిపించినవి ఇంకొకవైపు. రెండోదాన్ని కారణంగా లెక్కపెట్టం. కానీ అది వృథా కాదు. ఆవలింతలు, మెడ బిగుతు కనిపిస్తే మందు బ్యాగులో ఉందో లేదో చూసుకోవాలని అది చెబుతుంది.

ఆగస్టులో నాలుగో మైగ్రేన్ ఇరవైనాలుగున మొదలైంది. నెలసరి మొదటి రోజు ఇరవైఅయిదు. నెలసరితో ముడిపడిన మైగ్రేన్ అనడానికి వైద్యులు చూసే కిటికీ మొదటి రోజుకు రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు. మూడు నెలసరుల్లో కనీసం రెండింటిలో ఆ కిటికీలో నొప్పి రావాలి. ఒక్క నెల కాగితంతో ఇది తేలదు. అందుకే నెలసరి మొదటి తేదీని ప్రతి నెల కాగితం పైన విడిగా రాయాలి.

ఇవన్నీ చేర్చాక డాక్టరుకు ఇచ్చిన కాగితం మీద ఉన్నది ఇంతే:

ఆగస్టు, 31 రోజులు, అన్ని రోజులకూ నమోదు ఉంది.
నొప్పి మందు వేసుకున్న రోజులు 12 (జూన్ 6, జూలై 9). కెఫీన్ కలిసిన బిళ్ల 9, సుమాట్రిప్టాన్ 4, రెండూ ఒకే రోజు 1.
తలనొప్పి రోజులు 13, అందులో మైగ్రేన్ 10. వచ్చింది 4 సార్లు.
రెండు గంటల్లో నొప్పి పోయినవి: సుమాట్రిప్టాన్ గంటలోపు వేసుకుంటే 2లో 2, ఆలస్యంగా వేసుకుంటే 2లో 0. కెఫీన్ బిళ్ల మైగ్రేన్‌లో 6లో 1, తేలిక నొప్పిలో 3లో 3.
నెలసరి మొదటి రోజు 25, మైగ్రేన్ మొదలు 24.
తలస్నానం, ఆలస్య భోజనం కలిసిన రోజులు 3, మూడింటిలోనూ వచ్చింది. తలస్నానం ఒక్కటే 5, రాలేదు.
అడగవలసినది: మందు రోజులు పెరుగుతున్నాయి, నివారణ మందు అవసరమా?

మందు రోజులు పైన, కారణాలు కింద. ఈ వరుస కావాలనే పెట్టింది. డాక్టరు సెప్టెంబరు రెండో వారంలో ప్రొప్రనొలాల్ అనే నివారణ మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. అంతకుముందు ఉబ్బసం ఉందా అని అడిగి, నాడి, రక్తపోటు చూశారు. కెఫీన్ బిళ్ల ఆపమన్నారు. మైగ్రేన్ అని తెలియగానే సుమాట్రిప్టాన్ వేసుకోమన్నారు, నెలకు ఎనిమిది రోజులు మించకూడదన్నారు. నివారణ మందు ఫలితం చూడడానికి తగిన మోతాదుకు చేరాక కనీసం ఎనిమిది వారాలైనా ఇవ్వాలి. రెండు వారాల్లో "పనిచేయలేదు" అని మానేసేవారి డైరీలు నేను చాలా చూశాను.

నెలలను పోల్చేటప్పుడు ఒక మాట. ఫిబ్రవరికీ ఆగస్టుకీ మూడు రోజుల తేడా ఉంది. ఒక్కో క్యాలెండరు నెలలో రెండు నెలసరులు కూడా పడవచ్చు, అప్పుడు ఆ నెల ఊరికే చెడ్డదిగా కనిపిస్తుంది. నెల నిడివిలో తేడా పోవాలంటే అన్నింటినీ ఇరవైఎనిమిది రోజులకు మార్చి చూడడం మంచిది. మైగ్రేన్ రోజులను నెలలోని రోజులతో భాగించి ఇరవైఎనిమిదితో గుణించాలి. ఆగస్టు పది రోజులు అలా చూస్తే తొమ్మిది. నవంబరులో వదినకు మైగ్రేన్ రోజులు ఆరు, ఇరవైఎనిమిదికి 5.6. అంటే 38 శాతం తగ్గింది. నివారణ మందు పనిచేసిందనడానికి సాధారణంగా చూసే గురుతు సగానికి తగ్గడం. ఆ గురుతు అందలేదు.

కానీ నవంబరు ఆరు రోజుల్లో మూడు నెలసరి కిటికీలోవే. ఆగస్టులోనూ అవి మూడే. వాటిని తీసేసి మిగతావి చూస్తే ఆగస్టులో ఏడు, నవంబరులో మూడు. ఇరవైఎనిమిది రోజులకు 6.3 నుంచి 2.8కి, సగానికి పైగా తగ్గాయి. మందు రోజులు పన్నెండు నుంచి ఆరుకు వచ్చాయి. శుక్రవారాల సంగతి చెప్పాలంటే, సెప్టెంబరు, అక్టోబరుల్లో తొమ్మిది శుక్రవారాలూ ఆమె తిన్న తర్వాతే పూజ చేశారు, తలస్నానం మానలేదు. ఒక్క శుక్రవారమే మైగ్రేన్ మొదలైంది. ఇది తిండి వల్లా, ప్రొప్రనొలాల్ వల్లా అన్నది విడదీయలేం, ఎందుకంటే రెండు మార్పులూ దాదాపు ఒకేసారి వచ్చాయి. తలస్నానం మానవలసిన అవసరం మాత్రం కనిపించలేదు.

హఠాత్తుగా క్షణాల్లో భరించలేనంతగా ఎక్కే నొప్పి, మాట తడబడడం, చేయి కాలు పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, యాభై దాటాక మొదటిసారి వచ్చే తలనొప్పి ఈ లెక్కల్లోకి రావు. వాటికి ఆసుపత్రికే వెళ్లాలి.

డిసెంబరు మొదట్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన కాగితం మీద అడగవలసినది మారింది. ఆగస్టు 25, సెప్టెంబరు 22, అక్టోబరు 19, నవంబరు 17. నాలుగు నెలసరుల్లో మూడింటిలో మైగ్రేన్ కిటికీలోనే మొదలైంది. వాటి మధ్య ఎడం 28, 27, 29 రోజులు. ఇంత క్రమంగా వస్తున్నాయి కాబట్టి తేదీని ముందే ఊహించవచ్చని డాక్టరు డిసెంబరు 13 నుంచి అయిదు రోజులు న్యాప్రోక్సెన్ రాశారు, కడుపులో పుండు వంటిది ఏమైనా ఉందా అని అడిగిన తర్వాతే. అది నొప్పి రాకముందే వేసుకునే మందు కాబట్టి ఆ అయిదు రోజులను మందు రోజుల్లో కలపాలా అని వదిన అడిగారు. కలపాలని డాక్టరు చెప్పారు, అది కూడా నొప్పి మందే. డిసెంబరు కాగితం మీద మందు రోజుల వరుస పక్కన "ముందుజాగ్రత్తగా" అని ఒక కొత్త గడి గీశాం.